లాభం గరిష్ఠమయ్యే అమ్మకపు ధర: రాయచూరు బియ్యం బస్తా లెక్క

తన సరుకుకు తానే ధర పెట్టుకోగలిగిన వ్యాపారికి ఎంత ధర దగ్గర లాభం అన్నిటికన్నా ఎక్కువగా మిగులుతుంది? సూక్ష్మ అర్థశాస్త్రం దీనికి రెండు మెట్లలో జవాబు చెబుతుంది. ఇంకొక్క యూనిట్ అమ్మితే చేతికి కొత్తగా వచ్చే డబ్బు ఉపాంత రాబడి. ఆ ఒక్క యూనిట్ కోసం కొత్తగా పెట్టాల్సిన ఖర్చు ఉపాంత వ్యయం. ఈ రెండూ సమానమయ్యే దాకా అమ్మకం పెంచుకుంటూ పోవాలి. అంత సరుకును కొనేవాళ్లు ఏ ధరకు తీసుకుంటారో డిమాండ్ సమీకరణంలో చూసి ఆ ధర పెట్టాలి. డిమాండ్ సరళరేఖగా ఉన్నప్పుడు ఈ పనికి కాగితం, పెన్సిలు చాలు. సమీకరణంలోకి ఏ అంకెలు వెళ్లాలి, ఏవి వెళ్లకూడదు అన్న దగ్గరే అసలు చిక్కు. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో సోనా మసూరి బియ్యం ఆడించి సొంత పేరుతో బస్తా అమ్మే మిల్లును తీసుకుంటే ఆ చిక్కు బాగా కనిపిస్తుంది.

ధర ఎవరి చేతిలో ఉంది

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ జిల్లాలో చాలామంది ఉత్పత్తిదారులకు ధర పెట్టే అవకాశమే లేదు. లింగసుగూరు తాలూకాలోని హట్టి గనుల బంగారాన్నే చూడండి. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో ఏర్పడిన ఆ కంపెనీ నేటికీ భూగర్భం నుంచి బంగారం తీస్తోంది. కానీ గ్రాము ధర నిర్ణయమయ్యేది ప్రపంచ విపణిలో. ఒక కిలో ఎక్కువ తీసినంత మాత్రాన ధర తగ్గదు కాబట్టి హట్టికి ఉపాంత రాబడి అంటే ధరే. ఎంత లోతు వరకు, ఎంత పలుచటి ఖనిజం దాకా తవ్వితే గిట్టుతుందన్నదే అక్కడి లెక్క.

వడ్లు పండించే రైతు పరిస్థితీ అంతే. తుంగభద్ర ఎడమ కాలువ పారాక సింధనూరు, మాన్వి తాలూకాల్లో వరి పరుచుకుంది. కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి భూములు కొని, క్యాంపులుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ సేద్యాన్ని పెంచాయి. క్యాంపు రైతు ఎంత మంచి సోనా మసూరి తెచ్చినా యార్డులో ఆ పూట పలికే ధరకే ఇవ్వాలి. పది బస్తాలు తెచ్చినా వంద తెచ్చినా ధరలో తేడా రాదు.

మిల్లు దాటాక కథ మారుతుంది. అవే వడ్లు బియ్యమై, పాలిష్ పట్టి, రాళ్లూ నల్లగింజలూ ఏరి, మిల్లు పేరు అచ్చేసిన సంచిలోకి చేరితే, ఆ పేరు అలవాటైన ఇళ్లు కొన్ని ఉంటాయి. పది రూపాయలు పెంచితే అందరూ వదిలిపోరు, కొందరు పోతారు. పది తగ్గిస్తే పక్క బ్రాండు వాళ్లు కొందరు వస్తారు. ఈ 'కొందరు' ఉన్నప్పుడే డిమాండ్ రేఖ కిందికి వాలుతుంది, ధర పెట్టడం అనే ప్రశ్న పుడుతుంది. బ్రాండు లేకుండా లూజుగా లారీకెత్తే మిల్లుకు ఈ వ్యాసంలోని లెక్క పనికిరాదు. ఆ మిల్లు కూడా రైతులాగే విపణి ధరను తీసుకోవాల్సిందే.

ఒక బస్తాకు ఉపాంత వ్యయం

ఇక్కడి నుంచి వచ్చే అంకెలు లెక్క చూపడానికి ఎంచుకున్నవి, ఏ మిల్లు ఖాతావీ కావు. మిల్లు వారం వారం 26 కిలోల బస్తాలు అమ్ముతోందనుకుందాం. యార్డులో క్వింటా వడ్లు రూ.2,600. క్వింటా ఆడిస్తే 58 కిలోల నిండు గింజ, 9 కిలోల నూకలు, 6 కిలోల తవుడు వస్తాయి. మిగతాది ఊక, తరుగు. నూకలు కిలో రూ.25 చొప్పున 225, తవుడు కిలో రూ.20 చొప్పున 120, మొత్తం రూ.345 తిరిగొస్తుంది. అంటే వడ్ల నికర ఖర్చు 2,255. కరెంటు, హమాలీ, మరపట్టే ఖర్చు కలిపి క్వింటాకు 155 వేస్తే 2,410 అవుతుంది. దాన్ని 58 కిలోలకు పంచితే కిలో బియ్యం రూ.41.55, 26 కిలోలకు రూ.1,080. సంచి, లారీ బాడుగ, డీలరు కమీషన్, అరువు మీద ఇచ్చిన సరుకుకు వడ్డీ కలిపి రూ.120. బస్తాకు ఉపాంత వ్యయం రూ.1,200.

ఇందులో బ్యాంకు కిస్తీ లేదు, గుమాస్తా జీతం లేదు, గోడౌను అద్దె లేదు. అవన్నీ కలిపి వారానికి రూ.60,000 అనుకున్నా, ఇంకొక్క బస్తా అమ్మినందుకు అవి ఒక్క రూపాయి కూడా పెరగవు. అందుకే ధర లెక్కలోకి వాటికి ప్రవేశం లేదు. మిల్లు నడపాలా మూసేయాలా అన్నప్పుడు మాత్రం వాటి వంతు వస్తుంది.

మోసపోయే చోటు మరొకటి ఉంది. మిల్లు ఈ వడ్లను కోతల కాలంలో రూ.2,300కే కొని నిల్వ పెట్టుకుందనుకోండి. యజమాని సహజంగా "నాకు పడింది 2,300 కదా" అని లెక్క వేస్తాడు. అలా వేస్తే ఉపాంత వ్యయం బస్తాకు సుమారు రూ.134 తగ్గి 1,066 అవుతుంది. కానీ ఈరోజు ఆడించే క్వింటాను ఆడించకుండా యార్డులో అమ్మినా 2,600 వస్తుంది. ఖాళీ అయిన గోడౌనును మళ్లీ నింపాలన్నా 2,600 పెట్టాలి. బియ్యంగా మార్చడానికి వదులుకుంటున్నది 2,600. చౌకగా కొన్నందుకు వచ్చిన 300 వడ్లు నిల్వ పెట్టిన లాభం, దాన్ని బియ్యం కొనేవాళ్లకు పంచిపెట్టాల్సిన పనిలేదు. దీనివల్ల ఎంత పోతుందో తర్వాత చూద్దాం.

డిమాండ్ గీత గీయడం

బస్తా రూ.1,400 ఉన్నప్పుడు వారానికి 600 బస్తాలు, రూ.1,350 ఉన్నప్పుడు 700 బస్తాలు పోయాయి. 50 రూపాయల తేడాకు 100 బస్తాలు, అంటే రూపాయికి రెండు. ఈ రెండు బిందువుల గుండా గీత గీస్తే వచ్చేది ఇది:

```
Q = 3400 − 2P
P = 1700 − 0.5Q
```

P బస్తా ధర, Q వారానికి అమ్ముడయ్యే బస్తాలు. ధర 1,700కు చేరితే ఒక్కటీ పోదని ఈ గీత అంటోంది. అక్షరాలా నమ్మకూడదు. చూసింది 1,350 నుంచి 1,400 దాకా మాత్రమే, ఆ పక్కనే కాస్త దూరం వరకు గీతను నమ్మొచ్చు. నమ్మేముందు మూడో బిందువుతో పరీక్షించాలి: రూ.1,425 దగ్గర 550 బస్తాలు రావాలి, 480 వస్తే గీత సరిగా లేదు.

రెండు బిందువులూ నిజంగా ఒకే గీత మీదివేనా అన్నది అన్నిటికన్నా గట్టి సందేహం. సంక్రాంతి వారంలో ధర ఎక్కువున్నా అమ్మకం ఎక్కువే ఉంటుంది. ఆ వారాన్నీ మామూలు వారాన్నీ కలిపితే ధర పెంచితే అమ్మకం పెరుగుతుందన్న వింత గీత వస్తుంది. వడ్ల ధర పెరిగి మిల్లులన్నీ ఒకేసారి బస్తా ధర పెంచిన వారాలైతే ఇంకా ప్రమాదం. పక్క బ్రాండూ పెరిగింది కాబట్టి కొనేవాడికి పోవడానికి చోటు లేదు, అమ్మకం పెద్దగా తగ్గదు. దాన్ని చూసి 'మన పేరు మీద జనానికి ఎంత నమ్మకమో' అనుకుని మరోసారి ఒంటరిగా పెంచితే అప్పుడు తెలుస్తుంది. పండగ, పెళ్లిళ్ల ముహూర్తాలు లేని రోజుల్లో, పోటీ బస్తాల ధర కదలని వారాల్లో, తన ధర ఒక్కటే మారినప్పుడు తీసిన బిందువులే పనికొస్తాయి.

రెండు గీతలు కలిసే చోటు

మొత్తం రాబడి ధరను బస్తాల సంఖ్యతో గుణిస్తే వస్తుంది. సరళరేఖా డిమాండ్‌కు ఉపాంత రాబడి గీత అదే చోట మొదలై రెట్టింపు వాలుతో దిగుతుంది:

```
TR = 1700Q − 0.5Q²
MR = 1700 − Q
MR = MC :  1700 − Q = 1200
Q = 500,   P = 1450
```

వాలు ఎందుకు రెట్టింపు? 500 బస్తాలు రూ.1,450 చొప్పున పోతున్నాయి. 501వది అమ్మాలంటే ధర అర్ధరూపాయి తగ్గించాలి. ఆ బస్తా 1,449.50 తెస్తుంది. కానీ ముందునుంచీ 1,450కి కొంటున్న 500 మందికీ ఆ అర్ధరూపాయి వదులుకోవాలి, అది 250. నికరంగా వచ్చేది 1,199.50, ఖర్చు 1,200. అర్ధరూపాయి నష్టం. 500వ బస్తాకు ఇదే లెక్క వేస్తే 1,200.50 వస్తుంది, అర్ధరూపాయి లాభం. అక్కడ ఆగాలి.

వారం మొత్తానికి చూస్తే బస్తాకు 250 చొప్పున 500 బస్తాలకు రూ.1,25,000. రూ.1,400కి 600 అమ్మితే 1,20,000. రూ.1,500కి 400 అమ్మినా 1,20,000. అటు 50, ఇటు 50 తప్పినా పోయేది 5,000 మాత్రమే అన్నది గమనించాల్సిన సంగతి. శిఖరం దగ్గర నేల చదునుగా ఉంటుంది కాబట్టి డిమాండ్ అంచనాలో చిన్న పొరపాట్లు మిల్లును ముంచవు. ఇందాకటి పాత వడ్ల లెక్కతో 1,066ను ఉపాంత వ్యయంగా పెడితే ధర 1,383 వస్తుంది, 634 బస్తాలు పోతాయి. గోడౌను ఖాళీ అవుతున్న వేగం చూసి యజమాని సంతోషిస్తాడు, కానీ అసలు ఖర్చు మీద మిగిలేది 1,16,000. వారానికి తొమ్మిది వేలు పోతోందని ఏ ఖాతాలోనూ కనిపించదు.

ఈ ధర సరైన చోటే ఉందా అని చూడడానికి ఒక అడ్డదారి ఉంది. ధరకూ ఉపాంత వ్యయానికీ ఉన్న తేడా ధరలో ఎన్నో వంతో చూస్తే 250/1,450, అంటే 0.172. ఆ చోట డిమాండ్ వ్యాకోచత్వం 2 × 1,450/500 = 5.8. దాని విలోమం కూడా 0.172. ఈ నిష్పత్తిని 1934లో అబ్బా లెర్నర్ గుత్తాధిపత్యానికి కొలబద్దగా ప్రతిపాదించాడు. మన మిల్లు గుత్తాధిపతేమీ కాదు. కొలమానం మీద దాని స్థానం బాగా కిందే.

కూర్నో ఊట

ఈ పద్ధతిని మొదట గణితంగా రాసింది ఫ్రెంచి పండితుడు అంత్వాన్ ఆగస్తాన్ కూర్నో, 1838లో. అతను తీసుకున్న ఉదాహరణ ఖర్చేమీ లేకుండా పైకి ఉబికే ఖనిజజలపు ఊట. ఖర్చు సున్నా అయితే ఉపాంత రాబడి సున్నా అయ్యేదాకా అమ్మాలి. మన గీత మీద అది గరిష్ఠ ధరలో సగం, రూ.850. ఖర్చున్న ప్రతి మిల్లూ దానికి పైనే ధర పెట్టాలి. ఒకే వాక్యంలో చెప్పాలంటే, సరళరేఖా డిమాండ్ కింద ఉత్తమ ధర డిమాండ్ అడుగంటే ధరకూ ఉపాంత వ్యయానికీ సరిగ్గా నడిమధ్య ఉంటుంది: `P = (1700 + 1200)/2`. 'ఉపాంత రాబడి' అన్న భావన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది చాలా తర్వాత, 1933లో జోన్ రాబిన్సన్ అసంపూర్ణ పోటీ మీద రాసిన పుస్తకంతో.

వడ్లు పెరిగితే, పన్ను పడితే

2024 ఆగస్టు 10 రాత్రి హోసపేటె దగ్గర తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు అంతా నీళ్ల గురించి కలవరపడింది. కొన్ని రోజుల్లోనే తాత్కాలిక గేటు అమర్చారు. అలాంటి సమయంలో వడ్ల ధర ఎగబాకి బస్తా ఉపాంత వ్యయం 1,200 నుంచి 1,300కు చేరిందనుకుందాం. 1700 − Q = 1300, అంటే 400 బస్తాలు, ధర 1,500. ఖర్చు వంద పెరిగితే ధర యాభయ్యే పెరిగింది. మిగతా యాభై మిల్లే భరించాలి. పెరిగిన వందా కొనేవాడి మీద వేసి 1,550 పెడితే 300 బస్తాలే పోతాయి, మిగిలేది 75,000. యాభై పెంచిన చోట 80,000 మిగులుతుంది.

పన్ను కూడా ఇలాగే పంచుకోబడుతుంది. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన, 25 కిలోలకు మించని బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాత దుకాణాల్లో 25 కిలోల బస్తా 26 కిలోలకు లావెక్కింది. మిల్లులు ఆ శ్రమ ఎందుకు పడ్డాయో ఇదే సమీకరణం చెబుతుంది. ఇదే బస్తాకు పన్ను పడితే కొనేవాడిచ్చే ప్రతి రూ.1.05లో మిల్లుకు మిగిలేది రూపాయి. కాబట్టి 1700 − Q = 1.05 × 1200 = 1260. బస్తాలు 440, ధర 1,480. కొనేవాడు 30 రూపాయలు ఎక్కువిస్తాడు. పన్ను కింద పోయేది సుమారు 70, అంటే మిగతా 40 మిల్లు జేబులోంచే. వారపు మిగులు 1,25,000 నుంచి దాదాపు 92,000కు పడుతుంది. బియ్యం పన్ను పూర్తిగా తినేవాడి మీదే పడుతుందన్న మాట ఈ గీత ప్రకారం సగం కూడా నిజం కాదు. సంచిలో ఒక కిలో పెంచడం మిల్లుకు ఎంత విలువైందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

"ఖర్చు మీద పది శాతం"

వ్యాపారులు నిజంగా ఇలా లెక్క వేస్తారా? 38 మంది వ్యాపార నిర్వాహకులను అడిగి తెలుసుకున్న సంగతులను ఆక్స్‌ఫర్డ్‌లోని హాల్, హిచ్ అనే ఇద్దరు 1939లో ప్రచురించారు. ఎక్కువమంది చెప్పింది వేరు: మొత్తం ఖర్చును యూనిట్లకు పంచి, పైన కొంత శాతం వేసుకుంటామని. బియ్యం వ్యాపారంలోనూ ఆ భాష కొత్త కాదు.

మన మిల్లు అలాగే చేస్తే: 60,000ను 500 బస్తాలకు పంచితే 120. దాన్ని 1,200కు కలిపితే 1,320, మీద పది శాతం వేస్తే 1,452. సమీకరణం ఇచ్చిన 1,450కి రెండు రూపాయల తేడా! మామూలు రోజుల్లో ఆ అలవాటు నిలబడడానికి ఇలాంటి సర్దుబాటే కారణం. ఏళ్ల తరబడి పోటీలో నలిగి ఆ 'పది' కుదురుకుంటుంది.

గిరాకీ పడిపోయినప్పుడు దాని బండారం బయటపడుతుంది. పోటీ బ్రాండ్లు వచ్చి డిమాండ్ P = 1600 − 0.5Q అయిందనుకుందాం. సమీకరణం ప్రకారం 400 బస్తాలు, ధర 1,400కు తగ్గించాలి. మిగిలే 80,000లోంచి 60,000 పోను చేతిలో 20,000 నిలుస్తుంది. పది శాతం పద్ధతివాడు 1,452 దగ్గరే ఉంటే 296 బస్తాలే పోతాయి. వచ్చే నెల అదే 60,000ను 296కు పంచితే బస్తాకు 203 పడుతుంది. 1,403 మీద పది శాతం వేస్తే కొత్త ధర 1,543. గిరాకీ తగ్గినందుకు ధర పెంచాడు! ఆ ధరకు పోయేది 114 బస్తాలు, మిగులు సుమారు 39,000, స్థిర ఖర్చులకు కూడా చాలదు. అమ్మకం తగ్గినప్పుడల్లా 'బస్తాకు ఖర్చు పెరిగింది' అనే మాట మిల్లు ఆఫీసులో వినిపిస్తే రోగం ఇదేనని పోల్చుకోవచ్చు.

గీత తెగే చోట్లు

మిల్లు సామర్థ్యం వారానికి 400 బస్తాలే అయితే 500 దగ్గరికి చేరే మాటే లేదు. అప్పుడు 400 పోయే ధర, అంటే 1,500 పెట్టాలి. అక్కడ ఉపాంత రాబడి 1,300, ఉపాంత వ్యయం 1,200. ఆ వంద రూపాయల తేడా, పక్క మిల్లులో అద్దెకు మరపట్టించడానికి బస్తాకు అదనంగా ఎంతదాకా ఇవ్వవచ్చో చెబుతుంది.

ఉపాంత వ్యయం కూడా ఎప్పుడూ బల్లపరుపుగా ఉండదు. దగ్గరి యార్డు వడ్లు చాలక దూరం నుంచి తెప్పిస్తే బాడుగ పెరుగుతుంది. తేమ ఎక్కువున్న వడ్లు ఆడిస్తే గింజ విరిగి నూకలు పెరుగుతాయి. క్వింటాకు నిండు గింజ 58 నుంచి 55కు పడి, ఆ మూడు కిలోలూ నూకలైతే, 26 కిలోలకు 1,080 బదులు సుమారు 1,104 అవుతుంది. పాత బియ్యం కోసం ఆరు నెలలు ఆపితే ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన బస్తాకు దాదాపు 65 రూపాయలు చేరతాయి. అయితే పాత బియ్యం అన్నం పొడిగా, విడివిడిగా వస్తుంది కాబట్టి దాన్ని కొనేవాళ్ల డిమాండ్ గీతే వేరు. రెండిటికీ ఒకే సమీకరణం వాడకూడదు.

పోటీదారుల తీరు మాత్రం ఏ సర్దుబాటుకీ లొంగని విషయం. మనం పెంచితే వాళ్లు కదలరు, తగ్గిస్తే వాళ్లూ తగ్గిస్తారు. అలాంటి బజారులో డిమాండ్ రేఖ ప్రస్తుత ధర దగ్గర విరిగి ఉంటుంది: పైవైపు చదునుగా, కిందివైపు నిటారుగా. ఉపాంత రాబడి ఆ విరుపు దగ్గర ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఉపాంత వ్యయం ఆ ఖాళీలో ఎక్కడ ఉన్నా ఉత్తమ ధర మారదు. వడ్లు యాభై రూపాయలు అటూ ఇటూ అయినా బస్తా మీది అంకె నెలల తరబడి కదలకపోవడానికి ఇదొక వివరణ. 1939లోనే హాల్, హిచ్‌లూ, అమెరికాలో పాల్ స్వీజీ విడిగానూ ఈ విరిగిన రేఖను ప్రతిపాదించారు. ఆ విరుపు మొదట ఏ ధర దగ్గర ఏర్పడుతుందో మాత్రం ఆ సిద్ధాంతం చెప్పదు.